రక్త పరీక్ష నివేదిక చదవడం – 6వ పాఠం: విటమిన్లు సరిపోయినా ఎర్రకణం ఎందుకు పెద్దదవుతుంది?

గత పాఠంలో బీ12, ఫోలేట్ లోపాల వల్ల ఎర్రకణాలు పెద్దవయ్యే తీరు చూశాం. ఆ రెండూ మామూలుగా ఉన్నాయని తేలిన తరువాత కూడా నివేదికలో ఎర్రకణాల సగటు పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ 100 ఫెమ్టోలీటర్లకు మించి కనబడితే ఏం చేయాలన్నది ఈ పాఠం. ఒక నివేదికను మొదటినుంచి చివరిదాకా చదువుదాం.

46 ఏళ్ల పురుషుడికి ఏ బాధా లేదు. వేరే పని మీద చేయించుకున్న పరీక్షలో ఈ సంగతి బయటపడింది. హిమోగ్లోబిన్ 14.1 గ్రాములు, హెమటోక్రిట్ 42.4 శాతం, ఎర్రకణాలు 40 లక్షలు. హెమటోక్రిట్‌ను పదితో గుణించి, మిలియన్లలో చెప్పిన ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే ఎంసీవీ వస్తుంది:

42.4 × 10 ÷ 4.0 = 106

రక్తహీనత లేదు, కణం మాత్రం పెద్దది. బీ12, ఫోలేట్ రెండూ మామూలుగానే ఉన్నాయి. ఈ దశలో చాలామంది బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఊరుకుంటారు. నా దృష్టిలో అది కారణాన్ని వెతకకుండా వదిలేయడమే, ఎందుకంటే లేని లోపాన్ని పూడ్చినా కణం పరిమాణం తగ్గదు.

ముందుగా రెటిక్యులోసైట్ల శాతం చూడాలి. ఇవి ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన లేత ఎర్రకణాలు. ముదిరిన వాటికంటే పెద్దవి కాబట్టి, రక్తస్రావం తరువాతో, కణాలు త్వరగా నశిస్తున్నప్పుడో ఇవి ఎక్కువైతే సగటు పరిమాణం పెరుగుతుంది. మన ఉదాహరణలో అది 1.2 శాతమే, అంటే ఆ కారణం కాదు. తరువాత రక్తపు స్మియర్‌ను, అంటే గాజు పలక మీద పలుచగా పూసిన రక్తపు చుక్కను, మైక్రోస్కోప్‌లో చూడాలి. విటమిన్ లోపంలో పెద్ద కణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, న్యూట్రోఫిల్ కేంద్రకాలు అయిదారు తమ్మెలుగా చీలి కనబడతాయి. ఇక్కడ కణాలు గుండ్రంగా ఉన్నాయి, న్యూట్రోఫిల్స్ మామూలుగా ఉన్నాయి. మధ్యలో చుక్క, చుట్టూ వలయం ఉన్న టార్గెట్ కణాలు కనబడితే కాలేయ వ్యాధిని అనుమానించాలి. ఆ జబ్బులో కణపు పొరలో కొలెస్ట్రాల్, ఫాస్ఫోలిపిడ్లు పేరుకుని పొర వైశాల్యం పెరుగుతుంది. ఇక్కడ అవీ లేవు. కాలేయ పరీక్షల్లో బిలిరుబిన్, ఏఎల్‌టీ మామూలుగా ఉన్నాయి, జీజీటీ ఒక్కటే కొంచెం పెరిగింది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.4, అదీ మామూలే.

మందుల సంగతి అడగకుండా ముందుకు పోకూడదు. హైడ్రాక్సీయూరియా, జిడోవుడిన్, అజాతయోప్రిన్ వంటివి మజ్జలో డీఎన్ఏ తయారీకి అడ్డుపడి కణాన్ని పెద్దది చేస్తాయి. అలాంటప్పుడు ఎంసీవీ 110 దాటడం కూడా వింత కాదు. సికిల్ సెల్ వ్యాధికి హైడ్రాక్సీయూరియా వాడేవారిలో ఎంసీవీ పెరగడం మందు క్రమంగా తీసుకుంటున్నారనడానికి గుర్తుగా కూడా పనికొస్తుంది, కాబట్టి ఆ అంకెను చూసి భయపడి మందు సొంతంగా మానకూడదు. మన వ్యక్తి ఏ మందూ వాడటం లేదు.

మిగిలింది మద్యం. నిందించే ధోరణి లేకుండా, రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా అని విడివిడిగా అడగాలి. ఆయన చాలా ఏళ్లుగా రోజూ రాత్రి తాగుతున్నట్టు చెప్పారు. కాలేయం చెడకపోయినా, తిండి సరిగ్గా ఉన్నా, మద్యం మజ్జలోని ఎర్రకణాల మూలకణాల మీద నేరుగా పనిచేసి ఎంసీవీని సాధారణంగా 100–110 మధ్యకు పెంచగలదు. అయితే ఒక చిక్కు ఉంది: తాగేవారిలో నిజమైన ఫోలేట్ లోపమూ తరచుగా ఉంటుంది, కానీ కొద్ది రోజులు మంచి భోజనం చేస్తే సీరం ఫోలేట్ మామూలుకు వచ్చేస్తుంది. అందుకే ఆ ఒక్క అంకెను నమ్మకుండా స్మియర్‌తో కలిపి చదవాలి.

నిర్ధారణ కాలంతో వస్తుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, మద్యం మానిన రెండు వారాలకు మళ్లీ పరీక్షిస్తే మార్పు పెద్దగా కనబడదు. పాత కణాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. ఆయన పూర్తిగా మానేశాక నాలుగు నెలలకు ఎంసీవీ 95కు దిగింది. దిగకపోయినా, పరిమాణంతో పాటు తెల్లకణాలో ప్లేట్‌లెట్లో తగ్గుతున్నా, మైలోడిస్ప్లాసియా అనే మజ్జ జబ్బును మనసులో ఉంచుకుని రక్తవ్యాధుల నిపుణుడికి పంపాలి.

అభ్యాసం: 58 ఏళ్ల స్త్రీ, హిమోగ్లోబిన్ 11.4, ఎంసీవీ 103, రెటిక్యులోసైట్లు 0.8 శాతం, బీ12, ఫోలేట్ మామూలు, స్మియర్‌లో గుండ్రటి పెద్ద కణాలు, కొలెస్ట్రాల్ 268. మద్యం, మందులు లేవు. కొన్ని నెలలుగా చలి తట్టుకోలేకపోతున్నారు, మలబద్ధకం ఉంది. తదుపరి ఏ ఒక్క పరీక్ష అడుగుతారు? చికిత్స మొదలైన మూడో వారంలోనే ఎంసీవీ తగ్గలేదని ఆమె ఆందోళన పడితే ఏం చెబుతారు? జవాబు 7వ పాఠం ఆరంభంలో ఉంటుంది.