డబ్బు కట్ అయింది, ఆర్డర్ ఫెయిల్ అయింది: పండుగ సేల్ ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇటీవల మా బంధువుల్లో ఒకావిడ ఆన్‌లైన్‌లో మిక్సీ కొనబోయారు. ఖాతా నుంచి రూ.6,499 పోయినట్లు మెసేజ్ వచ్చింది, ఆర్డర్ మాత్రం ఫెయిల్ అని చూపించింది. ఆ సొమ్ము నాలుగో రోజున దానంతట అదే ఖాతాలోకి వచ్చింది. కానీ ఆమె అంతవరకూ ఆగలేదు. మొదటిరోజు సాయంత్రమే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, కనిపించిన మొదటి నంబరుకు ఫోన్ చేసి, అవతలి వ్యక్తి చెప్పినట్లు ఒక యాప్ వేసుకుని, పిన్ కొట్టి, రూ.48,000 పోగొట్టుకున్నారు. ఇరుక్కున్న సొమ్ము చివరికి తిరిగి వచ్చింది, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి పోగొట్టుకున్నది మాత్రం ఇంతవరకూ రాలేదు. సేల్ రోజుల్లో బ్యాంకు సర్వర్ల మీద ఒత్తిడి పెరిగి ఇలాంటి ఫెయిల్యూర్లు ఎక్కువవుతాయి కనుక, గడువుల లెక్క ముందుగా తెలిసి ఉండటం మంచిది.

ముందు తేల్చుకోవలసింది: డబ్బు ఎక్కడ ఉంది?

ఆర్డర్ ఫెయిల్ అయిందంటే చెల్లింపు కూడా ఫెయిల్ అయిందని అర్థం కాదు. మన బ్యాంకు డబ్బు తీసిన తరువాత, ఆ విషయం వ్యాపారి సిస్టమ్‌కు చేరేలోపే సమాచారం తెగిపోతే అమ్మకం జరగదు, డబ్బు మధ్యలో నిలిచిపోతుంది. ఇది మొదటి రకం. డబ్బు వ్యాపారికి చక్కగా చేరి, స్టాకు లేకనో మరో కారణం చేతనో ఆర్డర్ రద్దయితే అది రెండో రకం. మొదటి రకంలో జరిగేది రివర్సల్, రెండో రకంలో జరగవలసింది రీఫండ్. బయటికి రెండూ ఒకేలా కనిపించినా, వాటికి జవాబుదారులు వేరు, గడువులూ వేరు.

తేల్చుకోవడానికి షాపింగ్ యాప్‌ను కాక, చెల్లింపు చేసిన యాప్‌లోని హిస్టరీని చూడాలి. అక్కడ పెండింగ్ అని గానీ, ఫెయిల్డ్ అని గానీ ఉంటే సాధారణంగా మొదటి రకం. సక్సెస్ అని ఉంటే వ్యాపారిని అడగాలి. అదే పేజీలో యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని యూటీఆర్ అని కూడా చూపిస్తారు. ఎవరిని అడగాలన్నా పనికివచ్చేది ఆ నంబరే, ఆర్డర్ నంబరుతో బ్యాంకు ఏమీ వెతకలేదు.

రివర్సల్ గడువు

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఈ గడువులను నిర్ణయించింది, అవి అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమలులోకి వచ్చాయి. యూపీఐతో గానీ, ఆన్‌లైన్‌లో కార్డుతో గానీ వ్యాపారికి చెల్లించినప్పుడు ఖాతా నుంచి డబ్బు పోయి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో ఐదు రోజుల్లోగా ఆ సొమ్ము దానంతట అదే వెనక్కి రావాలి. ఇది టీ ప్లస్ 5. వ్యక్తి నుంచి వ్యక్తికి యూపీఐ ద్వారా పంపిన సొమ్ము అవతలి ఖాతాలో పడకపోతే గడువు టీ ప్లస్ 1 మాత్రమే. ఇవి క్యాలెండరు తేదీలు, పనిదినాలు కావు. "మధ్యలో ఆదివారం వచ్చింది కదా" అని బ్యాంకువారు అంటే ఆ మాట చెల్లదు.

గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. అదీ ఖాతాదారు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఇవ్వాలి. లెక్క ఇలా ఉంటుంది. 10వ తేదీన మీరు యూపీఐతో చెల్లించారు, ఆర్డర్ ఫెయిల్ అయింది. గడువు 15వ తేదీతో ముగుస్తుంది. సొమ్ము 19న వచ్చిందంటే ఆలస్యం నాలుగు రోజులు, కనుక అసలుతో పాటు రూ.400 రావాలి. రాకపోతే ఆ సర్క్యులర్ తేదీని పేర్కొంటూ బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగినవారికంటే తేదీ రాసి అడిగినవారికే త్వరగా జవాబు వస్తుందని నా అభిప్రాయం.

రెండో రకానికి, అంటే వ్యాపారి ఇవ్వవలసిన రీఫండ్‌కు, ఈ ఐదు రోజుల నియమం వర్తించదు. వ్యాపారి తన నిబంధనల ప్రకారం రీఫండ్ మొదలుపెట్టాలి, ఆ తరువాతే బ్యాంకు దాన్ని జమచేస్తుంది. "రీఫండ్ చేశాం" అని వారు చెప్పినప్పుడు దాని రిఫరెన్స్ నంబరును అడిగి తీసుకోండి. నంబరు ఇవ్వలేకపోతే రీఫండ్ ఇంకా మొదలుకాలేదని అనుమానించవచ్చు.

అందరినీ ముంచుతున్న పొరపాటు

కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతకవద్దు. మోసగాళ్లు ఇలాంటి నంబర్లను బ్యాంకుల పేర్లతో, షాపింగ్ సంస్థల పేర్లతో పెట్టి కూర్చుంటారు. డబ్బు పోయిందన్న కంగారులో ఉన్నవారే వారికి ఫోన్ చేస్తారు కనుక, వారు ఎవరినీ వెతుక్కోనక్కరలేదు. మనమే తేదీ, మొత్తం, బ్యాంకు పేరు అన్నీ చెబుతాము, అవే వివరాలను వారు తిరిగి మనకు చెప్పేసరికి నమ్మకం కుదురుతుంది. నంబరు కావాలంటే కార్డు వెనుక చూడండి, పాస్‌బుక్‌లో చూడండి, యాప్‌లోని సహాయం విభాగంలో చూడండి. ఇంటర్నెట్‌లో మాత్రం వెతకవద్దు.

రివర్సల్‌కు మీ నుంచి ఏదీ అవసరం లేదు. డబ్బు ఏ ఖాతా నుంచి పోయిందో అదే ఖాతాకు తిరిగి వస్తుంది. కనుక కొత్తగా ఖాతా నంబరు అడిగేవారు, క్యూఆర్ కోడ్ పంపేవారు, ఫామ్ నింపమనేవారు మోసగాళ్లే. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పిన్ కొట్టారంటే డబ్బు పంపుతున్నట్టే. ఫోన్ తెరను అవతలివారికి చూపించే యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఇంకో సంగతి: ఫెయిలైన చెల్లింపుకు నిబంధనలు మీ వైపున ఉన్నాయి. కానీ రిజర్వు బ్యాంకు 2017 జూలై నిబంధనల ప్రకారం, పిన్‌ను మీరే చెప్పినందువల్ల పోయిన సొమ్ములో, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మీదే.

ఇక మిగిలినవి.

పెండింగ్ తేలేవరకు మళ్లీ చెల్లించవద్దు. ధ్రువీకరణ ఆలస్యంగా చేరితే మొదటి ఆర్డరూ ఖాయమై, రెండు వస్తువులు ఇంటికి వస్తాయి.

తప్పనిసరిగా కొనవలసి వస్తే వేరే ఖాతా నుంచి గానీ, వేరే పద్ధతిలో గానీ చెల్లించండి.

మెసేజ్‌లు తొలగించవద్దు. ఫెయిల్ అని చూపిన తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

జమ మెసేజ్ రాలేదని డబ్బు రాలేదనుకోవద్దు. స్టేట్‌మెంట్ తెరిచి ఆ మొత్తంతో వెతకండి.

గడువు ముగిసేలోగా ఆ ఖాతాను మూసివేయవద్దు.

సోషల్ మీడియాలో రిఫరెన్స్ నంబరు, ఫోన్ నంబరు పెట్టి ఫిర్యాదు చేయవద్దు. వాటికి మొదట జవాబిచ్చేది మోసగాళ్లే.

ఆరో రోజున యాప్ హిస్టరీలోని ఆ లావాదేవీ నుంచే ఫిర్యాదు పెట్టండి, తరువాత బ్యాంకుకు రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. రుసుము లేదు. డబ్బు తీసుకుని ఫిర్యాదు రాసిపెడతామనేవారిని దరిచేరనివ్వవద్దు.

నంబరు వెతకవద్దు. ఇప్పటికే వెతికి, ఫోన్ చేసి, పిన్ చెప్పి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, తరువాత బ్యాంకుకు చెప్పి ఖాతాను ఆపించండి.