ఒక గుంపులో కొందరికి ఒకే లక్షణం ఉండి తీరుతుందని నిరూపించడం ఎలా?

నల్లగొండ జిల్లాలో దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో నేను లెక్కలు చెబుతాను. ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో 48 మంది ఉండేవారు. జూలైలో ఒక అమ్మాయి బదిలీ పత్రం తెచ్చుకొని కొత్తగా చేరింది. ఆమె పేరు హాజరు పట్టికలో రాస్తూ పిల్లలతో అన్నాను: "ఈ గదిలో కనీసం అయిదుగురు ఒకే నెలలో పుట్టారు. నిన్నటిదాకా నేను ఈ మాట అనగలిగేవాణ్ణి కాదు. ఇవాళ అనగలను."

ఎవరి పుట్టినరోజూ నేను అడగలేదు. "సార్, మీకెలా తెలుసు?" అన్నారు పిల్లలు. నాకు తెలిసింది రెండే సంఖ్యలు: పిల్లలు 49 మంది, నెలలు 12. ఆ రెండింటితోనే నిరూపణ పూర్తవుతుంది. దీన్ని పావురాల గూళ్ళ సూత్రం అంటారు. గూళ్ళకన్నా పావురాలు ఎక్కువైతే, ఏదో ఒక గూటిలో కనీసం రెండు పావురాలు ఉండాల్సిందే. 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త డిరిక్లే దీన్ని వాడిన తీరువల్ల జర్మన్ భాషలో దీనికి సొరుగుల సూత్రమని పేరు.

చూడడానికి ఇంత తేలిక. కష్టమంతా దేన్ని పావురం అనుకోవాలి, దేన్ని గూడు అనుకోవాలి అనే దగ్గరే ఉంది. అందుకే ఆ పనితోనే మొదలుపెట్టాలి.

మొదటి పని: పావురాలనూ గూళ్ళనూ మాటల్లో రాసుకోండి

గుంపులోని మనుషులు పావురాలు. "ఇద్దరికి ఒకేలా ఉంది" అని మీరు చూపించదలచిన లక్షణానికి ఎన్ని రకాల విలువలు సాధ్యమో అన్ని గూళ్ళు. పై ఉదాహరణలో "పుట్టిన నెల" లక్షణం, దాని విలువలు 12. కాగితంమీద ఇలా రాయమని పిల్లలకు చెబుతాను: "ప్రతి విద్యార్థినీ ఆ విద్యార్థి పుట్టిన నెల గూటిలో ఉంచుతున్నాను." ఈ వాక్యం రాయకుండా నేరుగా భాగహారానికి దిగినవాళ్ళే ఎక్కువగా తప్పు చేస్తారు.

ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: ఏ పావురమూ గూడు లేకుండా బయట మిగిలిపోకూడదు. పుట్టిన తేదీలతో లెక్క చేసేటప్పుడు 365 గూళ్ళు పెట్టి ఫిబ్రవరి 29ని మరిచిపోవడం నేను తరచూ చూసే పొరపాటు. ఆ రోజు పుట్టిన పాపకు గూడే లేకుండా పోతుంది, దాంతో నిరూపణ కూలిపోతుంది. సంవత్సరాన్ని వదిలేసి తేదీ, నెల మాత్రమే చూస్తే గూళ్ళు 366. దీనికి ఎదురుగా, ఒక పావురాన్ని రెండు గూళ్ళలో లెక్కపెట్టినా ప్రమాదం లేదు. కబడ్డీ, ఖోఖో రెండూ ఆడే పిల్లవాడు రెండు జట్ల జాబితాల్లోనూ ఉంటే జాబితాలు నిండుతాయే గాని తగ్గవు. గూడు లేని పావురమే అసలు చిక్కు.

రెండో పని: భాగించండి, శేషం మిగిలితే ఒకటి కలపండి

ఇదే ఈ సూత్రానికి విస్తృత రూపం. పావురాల సంఖ్యను గూళ్ళ సంఖ్యతో భాగించాలి. శేషం సున్నా అయితే భాగఫలమే జవాబు. శేషం ఒక్కటి మిగిలినా భాగఫలానికి ఒకటి కలపాలి. కనీసం అంతమంది ఒకే గూటిలో ఉంటారు.

49 = 4 × 12 + 1

భాగఫలం 4, శేషం 1. కాబట్టి కనీసం అయిదుగురు. కాలిక్యులేటరులో 4.08 అని చూసి "దగ్గరి పూర్ణాంకం 4" అని రాసేవాళ్ళున్నారు. ఇక్కడ దగ్గరి పూర్ణాంకంతో పని లేదు. మిగిలిన ఆ ఒక్క విద్యార్థికీ చోటు కావాలి. పన్నెండు గూళ్ళలోనూ నలుగురేసి ఉంటే, ఆ ఒక్కరు ఎక్కడికి వెళ్ళినా అక్కడ అయిదుగురవుతారు.

అయితే "నలుగురేసి నింపితే" అనే ఈ వివరణను నిరూపణగా రాయకూడదు. పిల్లలు సమంగా పుట్టి ఉంటారని మనకెవరు చెప్పారు? నిరూపణను వ్యతిరేక భావనతో రాయాలి: "ఏ నెలలోనూ నలుగురిని మించి పుట్టలేదనుకుందాం. అప్పుడు మొత్తం విద్యార్థులు 4 × 12 = 48కి మించరు. కాని తరగతిలో 49 మంది ఉన్నారు. ఇది పొసగదు. కాబట్టి ఏదో ఒక నెలలో కనీసం అయిదుగురు పుట్టారు." అయిదే వాక్యాలు. సమంగా పంచడం గురించిన ప్రస్తావన ఇందులో ఎక్కడా లేదు, అవసరం కూడా లేదు.

మూడో పని: అంతకన్నా ఒకరు తగ్గితే ఏమవుతుందో చూడండి

మీ జవాబు సరైన హద్దు దగ్గరే ఉందో లేదో తెలుసుకోవాలంటే, ఒక మనిషిని తగ్గించి, మీ మాట అబద్ధమయ్యే అమరికను కట్టి చూపాలి. 48 మందిని నెలకు నలుగురు చొప్పున అమర్చవచ్చు. అప్పుడు అయిదుగురు ఉన్న నెల ఉండదు. నిన్నటిదాకా నేను ఆ మాట అనలేకపోయింది అందుకే.

ఇదే లెక్కను వెనక నుంచి కూడా చేయవచ్చు. "బడిలో ముగ్గురి పుట్టినరోజు ఒకే తేదీన వస్తుందని పందెం కట్టాలంటే ఎంతమంది పిల్లలుండాలి?" అని ఒక అబ్బాయి అడిగాడు. ముగ్గురు రాకుండా ఎంతదాకా నెట్టుకురాగలమో ముందు చూడాలి. ఒక్కో తేదీకి ఇద్దరు చొప్పున 2 × 366 = 732 మందిదాకా తప్పించుకోవచ్చు. 733వ మనిషి రాగానే తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగానికి పైనే అనే మాట చాలామంది విని ఉంటారు. అది సంభావ్యత లెక్క, ఇది వేరు. 23 మందిలో అలా జరగకపోనూ వచ్చు. ఇద్దరి పుట్టినరోజు ఒకటని తప్పకుండా చెప్పాలంటే 367 మంది కావాలి.

నాలుగో పని: గూళ్ళు సరిపోయినట్టు కనిపిస్తే, కలిసి నిండలేని గూళ్ళకోసం వెతకండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇక్కడ వస్తుంది. దసరా సాయంత్రం మా ఊళ్ళో జమ్మి చెట్టు దగ్గర 30 మంది చేరారనుకోండి. ఒకరికొకరు అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. కొందరు అందరినీ పలకరిస్తారు, కొందరు ఇద్దరు ముగ్గురితో సరిపెట్టుకుంటారు, ఎవరితోనూ కలవకుండా వెళ్ళేవారూ ఉండవచ్చు. అయినా ఇద్దరు మనుషులు సరిగ్గా ఒకే సంఖ్యలో వ్యక్తులతో అలాయ్ బలాయ్ తీసుకొని ఉంటారు. దీన్ని నిరూపించాలి.

పావురాలు 30 మంది మనుషులు. ఒక మనిషి ఎంతమందిని ఆలింగనం చేసుకున్నాడన్నది గూడు. అది 0 నుంచి 29 వరకు ఎంతైనా కావచ్చు. అంటే గూళ్ళు కూడా 30. ఎవరి గూట్లో వాళ్ళు సర్దుకునేలా ఉన్నారు. చాలామంది ఇక్కడే ఆగిపోయి సూత్రం పనిచేయదంటారు.

ఇప్పుడు రెండు చివరల గూళ్ళను చూడండి. 29వ గూట్లో ఎవరైనా ఉన్నారంటే, ఆ మనిషి మిగతా అందరితోనూ అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. అప్పుడు మిగతావాళ్ళలో ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటి ఉన్నట్టే. కాబట్టి సున్నా గూడు ఖాళీ. ఒకవేళ సున్నా గూట్లో ఎవరైనా ఉంటే, అందరితో కలిసినవాడు ఉండే వీల్లేదు, కాబట్టి 29వ గూడు ఖాళీ. ఆ రెండు గూళ్ళు ఒకేసారి నిండవు. వాడుకలో ఉండగలిగేవి ఎక్కువలో ఎక్కువ 29 గూళ్ళే. 30 మంది 29 గూళ్ళలో ఉండాలి, అందుచేత ఇద్దరు ఒకే గూట్లో ఉన్నారు.

ఈ నిరూపణ దేనిమీద నిలబడిందో తెలుసుకోవాలంటే, అదే చెట్టు కింద జరిగే ఇంకో పనిని చూడాలి. చిన్నవాళ్ళు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెన తీసుకుంటారు. ఆ 30 మందీ వేర్వేరు వయసులవాళ్ళనీ, ప్రతి ఒక్కరూ తమకన్నా పెద్దవాళ్ళందరికీ జమ్మి పెట్టారనీ అనుకుందాం. అందరికన్నా పెద్దాయన ఎవరికీ పెట్టలేదు: 0. ఆయన తరువాతి వయసువారు ఒక్కరికి పెట్టారు. ఇలా దిగుతూ వస్తే, అందరికన్నా చిన్నవాడు 29 మందికి పెట్టాడు. ముప్పై మందికీ ముప్పై వేర్వేరు సంఖ్యలు వచ్చాయి! ఏ ఇద్దరికీ ఒకే సంఖ్య లేదు.

తేడా ఎక్కడ వచ్చింది? అలాయ్ బలాయ్ ఇద్దరికీ చెందుతుంది. నేను మిమ్మల్ని ఆలింగనం చేసుకుంటే మీరూ నన్ను చేసుకున్నట్టే. జమ్మి పెట్టడం ఒకవైపు పని. అందరికీ పెట్టినవాడూ, ఎవరికీ పెట్టనివాడూ ఒకే గుంపులో హాయిగా ఉండవచ్చు. కాబట్టి రెండు చివరల గూళ్ళు కలిసే నిండుతాయి. లెక్క చేసేటప్పుడు "ఈ సంబంధం రెండువైపులా ఉందా?" అని అడగకపోతే, జమ్మి గురించి కూడా అదే నిరూపణ రాసేస్తారు. వాక్యాలు అలాగే ఉంటాయి, తేలిన ఫలితం మాత్రం అబద్ధం.

అలాయ్ బలాయ్ లెక్కలో ఇద్దరికి బదులు ముగ్గురని చెప్పగలమా? చెప్పలేం. నలుగురిని తీసుకోండి. మొదటివాడు మిగతా ముగ్గురినీ కలిశాడు, రెండోవాడు మూడోవాడు కూడా కలుసుకున్నారు, అంతే. వరుసగా 3, 2, 2, 1 వస్తాయి. ఒకే సంఖ్య ఉన్నది ఇద్దరికే.

ఏ నెలలో, ఎవరెవరు?

ఆ రోజు పిల్లలు వదలలేదు. "ఆ అయిదుగురు ఎవరు, సార్?" అన్నారు. అది ఈ సూత్రం చెప్పదు. ఉన్నారని మాత్రమే చెబుతుంది, ఎవరో తెలుసుకోవడానికి రిజిస్టరు తెరవాల్సిందే. తెరిచి నల్లబల్లమీద నెలల వారీగా గీతలు గీశాం. జూన్‌లో 14 మంది తేలారు. బడిలో చేర్చే రోజున తల్లిదండ్రులకు తేదీ గుర్తులేక జూన్ అని రాయించడం మా వైపు కొత్త కాదు. ఆగస్టులో తొమ్మిది మంది, మార్చిలో ఆరుగురు. తక్కిన తొమ్మిది నెలల్లో నలుగురికి మించి లేరు, డిసెంబరులో ఒక్కరూ లేరు.

"సార్, సరిగ్గా అయిదుగురున్న నెల లేదు కదా, మీ మాట తప్పింది" అంది వెనక బెంచీ అమ్మాయి. నేను ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చి, నిరూపణలో "కనీసం" అనే మాట కింద గీత గీయమన్నాను. జూన్‌లో 14 మంది ఉన్నారంటే కనీసం అయిదుగురు ఉన్నట్టే. పిల్లలు ఒక నెలలో ఎంత గుమిగూడితే మిగతా నెలలు అంత ఖాళీ అవుతాయి, ఆ గుమిగూడిన గూడు 5ను ఇంకా సులభంగా దాటుతుంది. జూన్ తేదీలు నిజమైనవి కాకపోయినా సరే, 49 మందికి ఏ నెలలు రాసినా ఆ అయిదు వాక్యాల్లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు.