యంత్రం అనువదించిన వార్తను ఊరి పేరే పట్టిస్తుంది

తెలుగు వార్త యంత్రం అనువదించిందేమో అనిపిస్తే ముందు ఊరి పేర్లు చూడండి. ఇంగ్లీషులో ద, డ రెండింటికీ ఒకటే అక్షరం, దీర్ఘం కూడా తెలియదు. అందుకే కందుకూరు కాస్తా ‘కండుకుర్’, దర్శి ‘దార్సి’ అయిపోతుంటాయి. ఒంగోలు విలేకరి రాస్తే ఈ తప్పు దొర్లదు.

పేర్లు సరిగ్గానే ఉంటే క్రియ దగ్గర ఆగండి. ‘కావలి దగ్గర బైకును లారీ ఢీకొట్టింది’ అంటాం మనం. ‘లారీ ద్వారా బైక్ ఢీకొట్టబడింది’ అని ఉందంటే ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేశారన్నమాట. అయితే ఒక్క ‘బడు’ చూసి తేల్చేయకండి. ‘జరిమానా విధించబడును’ అని మన ఆఫీసు బోర్డుల మీద ఎప్పటినుంచో ఉంది. ‘ద్వారా’, ‘బడింది’ రెండూ ఒకే వాక్యంలో, అదీ రెండు మూడు చోట్ల కనిపిస్తేనే అనుమానించాలి.