చక్కెర మిల్లు ప్రాసెస్ కాగితం తెలుగులో: పొరపాటు పనిలో కనిపిస్తే వాక్యంలో ఎక్కడ వెతకాలి

క్రషింగ్ సీజన్‌కు కొత్తగా చేరినవారికి ఇచ్చే ప్రాసెస్ కాగితంలో వ్యాకరణం తప్పు లేకపోయినా పని తప్పుతుంది. అలా ఎక్కువగా తప్పే మూడు చోట్లు, వాటిని సరిచేసే విధం ఇక్కడ ఉన్నాయి.

లక్షణం: పిప్పిలో మిగిలిన తీపిని లాగడానికి చల్లే ఇంబైబిషన్ నీళ్లు వేరే మిల్లు దగ్గర పడుతున్నాయి, చివరి పిప్పిలో తీపి ఎక్కువగా మిగులుతోంది.

కారణం: ఇంగ్లీషులో నీళ్లు 'చివరి మిల్లుకు ముందు' చల్లాలని ఉంటుంది. దాన్ని అలాగే తెలుగులో పెడితే 'చివరి దానికి ముందున్న మిల్లు' అని కూడా అర్థం వస్తుంది. ఐదు మిల్లుల వరుసలో ఒకరు నాలుగో మిల్లు నుంచి బయటికొచ్చే పిప్పిని తడుపుతారు, ఇంకొకరు నాలుగో మిల్లులోకి వెళ్లే పిప్పిని తడుపుతారు. ఇద్దరూ కాగితం ప్రకారమే చేశామంటారు.

పరిష్కారం: 'ముందు' అనే మాట తీసేసి నంబర్లు వేయండి. "నాలుగో మిల్లు నుంచి వచ్చి ఐదో మిల్లులోకి పోయే పిప్పి మీద వేడినీళ్లు చల్లాలి. ఐదో మిల్లు రసం, నాలుగో మిల్లులోకి పోయే పిప్పి మీద పడాలి." పిప్పి ముందుకు, పలచటి రసం వెనక్కి వెళ్తాయని ఒక బాణం గుర్తు వేస్తే ఇంకా మంచిది. ఇంబైబిషన్‌ను 'నానబెట్టడం' అనకండి. పిప్పి కదులుతుండగానే తడవాలి, నానడానికి ఎక్కడా ఆగదు.

లక్షణం: సున్నం వాల్వు తెరిచే ఉంది, అయినా రసం పీహెచ్ పెరగడం లేదు. క్లారిఫయర్ నుంచి వచ్చే రసం మబ్బుగా ఉంది. సున్నం తొట్టి అడుగున గట్టిగా పేరుకుంది.

కాగితంలో 'సున్నపు నీరు' లేదా 'సున్నపు తేట' అని ఉందేమో ముందు చూడండి. ఈ పొరపాటు చాలా నష్టం చేస్తుంది. తేట అంటే సున్నం అడుక్కి దిగాక పైన నిలిచే నీరు. లీటరు తేటలో కరిగి ఉండే సున్నం రెండు గ్రాములు కూడా ఉండదు. మిల్లుకు కావలసింది సున్నపు పాలు. సున్నం పొడి కరగకుండా తెల్లగా తేలుతూ ఉండే ఈ ద్రవం చిక్కదనాన్ని కొలిచే బామె స్కేలులో పది చూపిస్తే లీటరుకు సుమారు 90 గ్రాముల సున్నం ఉంటుంది. 'తేట' అని చదివిన మనిషి స్టిర్రర్ ఆపేసి, సున్నం దిగనిచ్చి, పైనీళ్లు పంపుతాడు. అతని తప్పేమీ లేదు, ఆ మాటకు అర్థమే అది. మరోపక్క ఆమ్లంగా ఉన్న వేడి రసంలో చక్కెర విరిగిపోతుంటుంది.

డబుల్ సల్ఫిటేషన్ మిల్లుల కాగితాల్లో తరచూ ఇలా ఉంటుంది: "70-75 డిగ్రీలకు వేడిచేయబడిన రసం సున్నపు నీరు మరియు గంధక వాయువుచే తటస్థీకరించబడి స్పష్టీకరణకు పంపబడుతుంది." ఇందులో ఎవరు ఏం చేయాలో లేదు. 'స్పష్టీకరణ' మాటకు సంజాయిషీ, వివరణ అన్న అర్థమే తోస్తుంది. దీన్ని ఇలా విడదీయండి:

"రసం 70-75 డిగ్రీల వేడికి రావాలి. అందులో సున్నపు పాలు, సల్ఫర్ గ్యాస్ కలుస్తాయి. పీహెచ్ మీటరు 7.0-7.2 చూపాలి. తగ్గితే సున్నపు పాల వాల్వు కొంచెం తెరవండి, పెరిగితే కొంచెం మూయండి. సున్నం తొట్టిలో స్టిర్రర్ తిరుగుతూనే ఉండాలి. ఆగితే వెంటనే షిఫ్ట్ కెమిస్ట్‌కు చెప్పండి. తర్వాత రసం 102 డిగ్రీలు దాటేలా మళ్లీ వేడెక్కి, క్లారిఫయర్‌లో తేరుతుంది: పైన తేట రసం, అడుగున మడ్డి."

'తేట' అనే మాట ఇక్కడ రసానికి వాడితే చక్కగా అతుకుతుంది. అందుకే కాగితంలో దాన్ని సున్నం పక్కన ఎక్కడా రానివ్వకూడదు. పాలు సున్నానికి, తేట రసానికి అని ముందే తీర్మానించుకోండి. పీహెచ్, డిగ్రీల అంకెలు మాత్రం మీ మిల్లు కెమిస్ట్ ఇచ్చినవే రాయాలి.

లక్షణం: బాయిలర్ నీళ్లలో చక్కెర జాడ కనిపిస్తోంది, నీళ్లు నురగ కడుతున్నాయి.

దీనికి కారణం బాడీలో, అంటే రసాన్ని మరిగించి చిక్కబరిచే పాత్రలో, ట్యూబు లీకు కావచ్చు, రసం పొంగి ఆవిరితో పోవడం కావచ్చు. ముందు వాటిని చూసి, తర్వాత కాగితం చూడండి. స్టీమ్‌ను, వేపర్‌ను రెండింటినీ 'ఆవిరి' అని రాస్తే, వాటి నుంచి దిగే నీళ్లు రెండూ 'ఆవిరి నీళ్లు' అయిపోతాయి. మొదటి బాడీకి వచ్చేది టర్బైన్ నుంచి వచ్చే ఎగ్జాస్ట్ స్టీమ్. దాని నీళ్లు శుభ్రంగా ఉంటాయి కాబట్టి బాయిలర్‌కు పోతాయి. రెండో బాడీ నుంచి వేడినిచ్చేది ముందు బాడీలో రసం మరిగి లేచిన వేపర్. దాని నీళ్లలో చక్కెర ఉండొచ్చు. ల్యాబ్‌లో చక్కెర పరీక్ష చేయకుండా వాటిని బాయిలర్‌కు మళ్లిస్తే నురగతో పాటు తుప్పు కూడా మొదలవుతుంది.

పరిష్కారం: 'స్టీమ్ నీళ్లు', 'వేపర్ నీళ్లు' అని వేరుగా రాసి, ఆ పేర్లే పైపుల మీద కూడా రాయించండి. క్వాడ్రుపుల్ ఎఫెక్ట్‌ను 'నాలుగు రెట్ల ప్రభావం' అనకుండా 'నాలుగు బాడీల సెట్' అంటే చాలు. వాక్యూమ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'వాక్యూమ్ పెంచండి' అన్నచోట 'ఒత్తిడి పెంచండి' అని రాస్తే పని తలకిందులవుతుంది. "చివరి బాడీ వాక్యూమ్ గేజి ముల్లు 650 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి" అని రాస్తే ముల్లు చూసి చేస్తారు.

కాగితం అచ్చువేసే ముందు ఒక కార్మికుడి చేత చదివించి, ప్రతి వాక్యానికీ ఆ వాల్వునో గేజినో వేలుపెట్టి చూపమనండి. వేలు తడబడిన చోట వాక్యం మార్చండి.