అర్జీ రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: ముతక రాతను లేఖగా మలచడం

పోయిన పాఠంలో ఇచ్చిన ముతక రాతను లేఖగా మార్చి పంపమన్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా ఒకే చోట తడబడ్డాయి. అందుకే ఈ వారం కొత్త విషయం మొదలుపెట్టకుండా ఆ తడబాటునే విప్పుతాను. ముందు ఆ రాత మరొకసారి చూడండి.

"నాన్న పోయిన తర్వాత భూమి నా పేరుకు మారింది. పాసుపుస్తకంలో రెండు ఎకరాల నాలుగు సెంట్లు అని పడింది. అసలు ఉన్నది రెండు ఎకరాల నలభై సెంట్లు. మూడుసార్లు తిరిగాను. దయచేసి సరిచేయించండి."

రాసినాయన అనంతపురం పట్టణంలో ఉంటాడు, భూమి గార్లదిన్నె మండలంలో ఉంది. చాలామంది పంపేవారి చిరునామాగా గార్లదిన్నె ఇంటిని రాశారు. ఆ ఇంటికి తాళం వేసి ఉంటే విచారణకు రమ్మనే నోటీసు ఎవరి చేతికి అందుతుంది? ఎడమవైపు పైన రాసేది మీకు ఉత్తరం చేరే చోటు. భూమి ఎక్కడుందో విషయంలో చెబుతాం. అర్జీ మాత్రం భూమి ఉన్న మండలం తహసీల్దారుకే వెళ్లాలి, మీరు ఉండే మండలం అధికారికి కాదు.

తేదీ గురించి ఒక మాట చాలు. అర్జీ ఇచ్చే రోజునే తేదీ వేయండి, నెల పేరు అక్షరాల్లో రాయండి. 3-4 అని వేస్తే ఏది రోజో ఏది నెలో చదివేవారు ఊహించుకోవాలి.

ఇక అసలు చిక్కు, విషయం. నాకు వచ్చిన లేఖల్లో ఎక్కువగా కనిపించినది ఇది:

విషయం: పాసుపుస్తకం గురించి.

ఇది నన్ను బాధపెడుతుంది, ఎందుకో చెబుతాను. కార్యాలయంలో వచ్చిన కాగితాలను నమోదు చేసే గుమాస్తా మీ లేఖ మొత్తం చదవడు. విషయం పంక్తిని చూసి రిజిస్టరులో ఎక్కించి, సంబంధించిన సీటుకు పంపుతాడు. పాసుపుస్తకం పోయిందా, కొత్తది కావాలా, పేరు తప్పా, విస్తీర్ణం తప్పా? ఏదీ తెలియకపోతే కాగితం వేరే సీటుకు పోయి అక్కడే ఉండిపోతుంది. మీరు మళ్లీ వెళ్లి అడిగినప్పుడు వెతకడానికి కూడా రిజిస్టరులో ఏ గుర్తూ ఉండదు.

కొందరు దీనికి పూర్తిగా ఎదురు పోయారు. నాన్న చనిపోవడం, మూడుసార్లు తిరగడం అన్నీ విషయంలోకి ఎక్కించి ఐదు పంక్తులు చేశారు. ఆ కథకు చోటు లేఖ లోపల ఉంది. విషయానికి మూడు ముక్కలు చాలు: ఏ భూమి, ఏం తప్పు, ఏం కోరుతున్నారు.

విషయం: గార్లదిన్నె గ్రామం – సర్వే నం. 214/2 – పాసుపుస్తకంలో విస్తీర్ణం 2 ఎకరాల 4 సెంట్లుగా నమోదు – 2 ఎకరాల 40 సెంట్లుగా సవరణ కోరుట – గురించి.

సర్వే నంబరు అభ్యాసానికి నేను పెట్టుకున్నది. విస్తీర్ణాన్ని మాత్రం 2.04, 2.40 అని రాయకుండా ఎకరాలు, సెంట్లు విడదీసి రాయండి. అసలు పొరపాటు పుట్టిందే ఆ అంకెల తారుమారు వల్ల, 36 సెంట్లు పోయాయి. మన అర్జీలోనూ అదే తప్పు దొర్లితే సవరణ కోరే కాగితమే సాక్ష్యంగా పనికిరాదు.

సంబోధన దగ్గర పాత అర్జీల్లో "దివ్యసముఖమునకు" అని రాసేవారు, ఇప్పుడు అవసరం లేదు. "అయ్యా" అని రాస్తే అధికారి స్త్రీ అయినప్పుడు ఇబ్బంది. నేను ఎప్పుడూ హోదాతోనే సంబోధిస్తాను, అధికారి బదిలీ అయినా మాట చెల్లుతుంది. మొత్తం ఇలా కుదురుతుంది:

పంపువారు:
(పేరు, తండ్రి పేరు)
(ఇంటి నంబరు, వీధి), అనంతపురం
(పిన్‌కోడ్, ఫోను నంబరు)

తేది: 10 నవంబరు 2025

తహసీల్దారు గారికి,
తహసీల్దారు కార్యాలయం,
గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా.

విషయం: (పైన రాసినది)

గౌరవనీయులైన తహసీల్దారు గారికి,

మా తండ్రిగారి మరణానంతరం పై సర్వే నంబరు భూమి నా పేరున మారింది. పాసుపుస్తకంలో విస్తీర్ణం 2 ఎకరాల 4 సెంట్లుగా నమోదైంది. మా తండ్రిగారి పాత పాసుపుస్తకంలో ఇది 2 ఎకరాల 40 సెంట్లు. రికార్డులు పరిశీలించి సవరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం)

జతపరచినవి: కొత్త, పాత పాసుపుస్తకాల నకళ్లు.

మూడుసార్లు తిరిగిన మాటను నేను తీసేశాను. ఏ తేదీన ఎవరిని అడిగారో చెప్పగలిగితే అది సాక్ష్యం, లేకపోతే నిష్ఠూరం. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోండి.

అభ్యాసం: మీ ఇంటి పాసుపుస్తకం తీసి, అందులో విస్తీర్ణం 10 సెంట్లు తక్కువ పడిందనుకోండి. విషయం పంక్తి మాత్రమే నాలుగు రకాలుగా రాయండి. ఒక్కోదాన్ని లేఖ చూపకుండా ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, మీకేం కావాలో చెప్పమని అడగండి. వారు చెప్పలేకపోయిన పంక్తిని కూడా కొట్టివేయకుండా నాకు పంపండి, వచ్చే పాఠం దానితోనే మొదలవుతుంది.