పాలసీసా నకిలీదని ఫిర్యాదు చేస్తే "మాది ఒరిజినలే" అని జవాబొస్తోందా?

ఉత్తరం మొదలుపెట్టే ముందు అట్టపెట్టె, అందులోని కాగితం బయటకు తీసి చదివారా? చాలామంది సీసా ఒక్కటే ఫొటో తీసి "హెచ్చరికలు లేవు" అని రాసేస్తారు. అసలైన సీసాలకు కూడా హెచ్చరికలు పెట్టె మీదో, లోపలి కాగితంలోనో ఉండొచ్చు. మూడూ చూశాకే లేవని రాయండి. సీసా వాడకం మాత్రం ఈలోపే ఆపేయండి.

సమస్య: "మాది ఒరిజినల్, ఇదిగో బిల్లు" అని అమ్మినవాళ్లు ఫిర్యాదు మూసేశారు.

కారణం: ఉత్తరం "మీరు నకిలీ అమ్మారు" అని మొదలవడం. ఇందులో నేనూ దెబ్బతిన్నాను. ఒక తల్లి రెండు సీసాల ఫొటోలు పంపింది. లోగో అక్షరాలు సన్నగా ఉన్నాయి, కొలత గీతలు వేలితో రుద్దితే చాలు, చెరిగిపోతున్నాయి. కంపెనీ ఫొటోలతో పోల్చి, నకిలీ అని గట్టిగా రాసిచ్చాను. "కంపెనీ ప్యాకింగ్ మార్చింది, మీది పాత స్టాకు" అని జవాబొచ్చింది. అలా జరగడానికి వీలుంది కాబట్టి కాదనలేకపోయాం. అవే ఫొటోల్లో తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ప్లాస్టిక్ రకం లేదు, పెద్దల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేదు. వాళ్లు కాదనలేనిది అదే. దాన్ని నేను నాలుగో పేరాలో పెట్టాను. వాళ్లు అంతదాకా చదవలేదు.

పరిష్కారం: వరస మార్చండి. ఆ తల్లి రెండో ఉత్తరం ఇలా మొదలైంది:

"ఫలానా ఆర్డరులో వచ్చిన రెండు సీసాల మీద, పెట్టె ఆరు వైపులా, లోపలి కాగితంలో తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబర్, ప్లాస్టిక్ రకం, భద్రతా హెచ్చరిక ఎక్కడా లేవు. ఫొటోలు జతచేశాను. ఇవి ఎక్కడున్నాయో చూపించండి, లేదా డబ్బు వాపసు ఇచ్చి, మిగిలిన స్టాకు అమ్మకం ఆపండి. నకిలీవేమోనన్న అనుమానంతో కంపెనీకి కూడా రాశాను."

అదే రోజు ఆ ఫొటోలు కంపెనీకి పంపి, ఈ సరుకు మీదేనా అని రాతపూర్వకంగా అడగండి. కాదని జవాబొస్తే అప్పుడు నకిలీ అన్న మాట ధైర్యంగా వాడొచ్చు.

సమస్య: "ఫొటోలో ఏమీ కనబడటం లేదు" అంటున్నారు.

సీసా అడుగున ఉబ్బెత్తుగా ఉండే గుర్తులు పారదర్శకమైన ప్లాస్టిక్‌లో కలిసిపోతాయి. లోపల నల్ల కాగితం చుట్టి పెట్టి, ఫ్లాష్ ఆపి, టార్చ్ పక్కనుంచి వేయండి. గుర్తు ఉంటే దాని అంచు మెరుస్తుంది. లేకపోతే నున్నటి అడుగే కనబడుతుంది, ఆ ఫొటోనే మీ సాక్ష్యం.

సమస్య: "సీసాలు తిప్పి పంపితేనే డబ్బిస్తాం."

రెండూ పంపేస్తే మీ చేతిలో సరుకే ఉండదు. ఒకటి పంపండి, రెండోది పెట్టెతో సహా ఉంచుకోండి. ఒక్కటే ఉంటే, పార్సిల్ కట్టేటప్పుడు వీడియో తీయండి.

ఆ వివరాలున్న స్టిక్కర్ దారిలో ఊడిపోయిందన్న వాదన అరుదు. జిగురు మరక కోసం చూడండి, చాలు.