ఫ్రాంచైజీ ప్రశ్నకు జవాబు రాసే ముందు: మార్కులు ఎక్కడ పోతాయి, ఏం జాగ్రత్త పడాలి

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే బీకాం, బీబీఏ, ఎంబీఏ పిల్లలు తేలికనుకొని పక్కన పెట్టే ప్రశ్న ఇది: "వ్యాపార విస్తరణ మార్గంగా ఫ్రాంచైజింగ్‌ను వివరించి, ఇరుపక్షాలకు కలిగే లాభనష్టాలను చర్చించండి." నల్లగొండలోనైనా పాలమూరులోనైనా జవాబుపత్రాల్లో సాధారణంగా కనిపించేది ఒకటే తీరు. పేరున్న బ్రాండ్ దొరుకుతుంది, శిక్షణ దొరుకుతుంది, స్వేచ్ఛ ఉండదు, రాయల్టీ కట్టాలి. అంతటితో జవాబు ఆగిపోతుంది, మార్కులు కూడా సగం దగ్గరే ఆగిపోతాయి.

లోపం పాయింట్ల సంఖ్యలో లేదు. రాయల్టీని దేని మీద లెక్కకడతారో రాయకపోవడం అసలు లోపం. మామూలు ఒప్పందాల్లో రాయల్టీ అమ్మకాల మీద శాతంగా ఉంటుంది, లాభం మీద కాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఇద్దరి లాభాలు, ఇద్దరి నష్టాలు, ఇద్దరి మధ్య తగాదాలు వరుసగా దాని వెంటే వస్తాయి. "లాభంలో వాటా ఇస్తాడు" అని రాశారో, ఆ తర్వాత రాసిందంతా పట్టు తప్పుతుంది.

నిర్వచనం దగ్గర

పేరు, ట్రేడ్‌మార్క్, వ్యాపారం నడిపే పద్ధతి ఫ్రాంచైజర్‌వి. వాటిని ఒక చోట, కొన్నేళ్లపాటు, నిర్ణీత షరతుల మీద వాడుకునే హక్కు ఫ్రాంచైజీ తీసుకునేవారిది. బదులుగా మొదట ఒకసారి ప్రవేశ రుసుము, ఆపై నెలనెలా రాయల్టీ, చాలాచోట్ల ప్రచార నిధికి కొంత శాతం కట్టాలి. దుకాణం పెట్టుబడి, కిరాయి, జీతాలు, నష్టం వస్తే ఆ నష్టం అన్నీ తీసుకున్నవారివే. ఈ చివరి వాక్యం తప్పక రాయండి. బ్రాంచీకీ ఫ్రాంచైజీకీ తేడా అందులోనే ఉంది. బ్రాంచ్ మేనేజర్ జీతగాడు. ఫ్రాంచైజీ నడిపేవారు సొంత డబ్బు పెట్టిన వేరే వ్యాపారి.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం లాంటివే వర్తిస్తాయి. అందుకే ఒప్పందపత్రంలో ఏం రాసుకున్నారన్నదే బలం. "ఫ్రాంచైజీ చట్టం ప్రకారం" అని రాస్తే అది నేరుగా తప్పు.

ఉదాహరణను అంకెలతో నడపండి

పెద్ద కంపెనీల పేర్లు వరుసగా రాయడం కంటే ఒక చిన్న దుకాణాన్ని లెక్కగట్టి చూపితే జవాబుకు పట్టు వస్తుంది. ఇలా ఊహించుకోండి. హైదరాబాద్‌లో ఆరు సొంత దుకాణాలున్న చాయ్, స్నాక్స్ బ్రాండ్ ఒకటి నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు రావాలనుకుంది. ఒక్కో దుకాణం సిద్ధం చేయడానికి 12 లక్షలు కావాలి. పది దుకాణాలకు కోటీ 20 లక్షలు. అంత అప్పు తేకుండా పది ఊళ్లలో బోర్డు లేవాలంటే దారి ఫ్రాంచైజీ. ఫ్రాంచైజర్‌కు మొదటి లాభం ఇదే: ఇతరుల పెట్టుబడితో వేగంగా విస్తరించడం. రెండోది, నల్లగొండలో ఏ మడిగకు గిరాకి ఉంటుందో, కిరాయికి ఎంత అడ్వాన్స్ అడుగుతారో ఆ ఊరి మనిషికే బాగా తెలుస్తుంది. మూడోది, సొంత డబ్బు పెట్టిన మనిషి గల్లా దగ్గర జీతగాడికంటే జాగ్రత్తగా కూర్చుంటాడు.

ఇప్పుడు తీసుకున్నవారి వైపు చూద్దాం. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఒకరు ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. ప్రవేశ రుసుము 4 లక్షలు, రాయల్టీ అమ్మకాల్లో 6 శాతం, ప్రచార నిధి 2 శాతం. నెలకు అమ్మకం 3 లక్షలు. ముడిసరుకు అమ్మకంలో 45 శాతం, అంటే 1,35,000. కిరాయి 30,000, నలుగురి జీతాలు 60,000, కరెంటు, గ్యాస్, చిల్లర ఖర్చులు 20,000. బ్రాండ్‌కు కట్టేది 8 శాతం లెక్కన 24,000.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది జీఎస్టీ. రాయల్టీ సేవ మీద 18 శాతం పన్ను పడుతుంది. తిండి దుకాణాలు మామూలుగా 5 శాతం పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఈ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అంటే 24,000 మీద మరో 4,320 చేతి నుంచే పోతుంది. ఒప్పందంలో 8 అని కనబడే శాతం నిజానికి 9.44. అన్నీ తీసేస్తే నెలకు మిగిలేది 26,680.

ఇది బాగానే ఉందనిపిస్తుంది. కానీ 12 లక్షల పెట్టుబడిని 60 నెలలకు పంచితే నెలకు 20,000. పన్నుతో కలిపి 4,72,000 అయ్యే ప్రవేశ రుసుమును పంచితే నెలకు సుమారు 7,870. రెండూ కలిస్తే సుమారు 27,870, మిగిలిన 26,680 కంటే ఎక్కువే. అంటే రోజంతా దుకాణంలో కూర్చున్న యజమానికి కూలి కూడా పడలేదు. "తీసుకున్నవారికి రిస్క్ తక్కువ" అని కళ్లు మూసుకొని రాసే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. పేరు తెలిసిన బ్రాండ్ కాబట్టి గిరాకి మొదటి నెల నుంచే మొదలవుతుంది, వంట పద్ధతి, సరుకు, శిక్షణ సిద్ధంగా దొరుకుతాయి. ఇవి నిజమైన లాభాలే. తగ్గేది వ్యాపారం పరిచయం కాకపోయే రిస్క్. డబ్బు తిరిగి రాకపోయే రిస్క్ అలాగే ఉంటుంది.

ఇద్దరి ప్రయోజనాలు ఎక్కడ విడిపోతాయి

జవాబులో ఎక్కువ చోటు ఇవ్వాల్సింది ఈ భాగానికి. అదే దుకాణంలో అమ్మకం 3 లక్షల నుంచి రెండున్నర లక్షలకు పడిందనుకోండి. ఫ్రాంచైజర్‌కు వచ్చేది 24,000 నుంచి 20,000కు తగ్గుతుంది, అంటే ఆరో వంతు. కిరాయి, జీతాలు, కరెంటు మాత్రం తగ్గవు. అందుకే దుకాణదారుడికి మిగిలేది 26,680 నుంచి 3,900కు జారుతుంది. ఆరో వంతు గిరాకి తగ్గితే ఒకరికి ఆరో వంతు నష్టం, మరొకరికి దాదాపు ఆరింట అయిదు వంతులు.

దీనికి తిరగబడిన కేసు ఇంకా పదునైనది. హెడ్ ఆఫీస్ పండుగ ఆఫర్ పెట్టి ధర 10 శాతం తగ్గించింది, అమ్మే పరిమాణం 20 శాతం పెరిగింది. అమ్మకం 3,24,000 అయింది. రాయల్టీ, ప్రచార నిధి కలిపి ఫ్రాంచైజర్‌కు 1,920 పెరిగింది. దుకాణదారుడికి ముడిసరుకు ఖర్చు 1,62,000 అయి, చివరికి మిగిలింది 21,414. గిరాకి పెరిగింది, పని పెరిగింది, మిగులు 5,266 తగ్గింది. "ఆఫర్లు, ధరల మీద స్వేచ్ఛ ఉండదు" అనే వాక్యానికి ఈ అంకెలే ప్రాణం. ముడిసరుకును బ్రాండ్ దగ్గరే కొనాలన్న షరతు ఉంటే, చాయ్‌పత్తా కిలో ధర పెంచినా ఇదే జరుగుతుంది. రాయల్టీ శాతం మారదు, మిగులు మాత్రం కరుగుతుంది.

ఫ్రాంచైజర్ నష్టాలు

ఇక్కడ "నియంత్రణ తగ్గుతుంది" అని ఒక్క ముక్కలో వదిలేయొద్దు. ఎలా తగ్గుతుందో, ఎలా తెలుస్తుందో రాయండి. రాయల్టీ అమ్మకం మీద కాబట్టి అమ్మకం తక్కువ చూపాలన్న ఆశ దుకాణదారుడికి పుడుతుంది. నగదు గిరాకిని బిల్లు కొట్టకుండా వదిలేస్తాడు, లేదా దుకాణం స్కానర్ పక్కన ఇంట్లోవారి నంబరుతో మరో క్యూఆర్ పెడతాడు. దీన్ని పట్టుకునేది కప్పుల లెక్క. నెలలో బ్రాండ్ పంపిన కప్పులు 12,000, మిగిలిన నిల్వ 1,000, పాడైనవి 200 అనుకోండి. వాడినవి 10,800 ఉండాలి. బిల్లుల్లో 9,000 చాయ్‌లే కనబడితే 1,800 చాయ్‌ల అమ్మకం ఎక్కడికో పోయినట్టే. బయట కప్పులు కొని వాడితే పాల లెక్కతో సరిచూస్తారు. ఈ తనిఖీకి ఊరూరా తిరిగే మనిషి కావాలి, ఆ జీతం ఫ్రాంచైజర్ ఖర్చు.

రెండో నష్టం పేరు. మిర్యాలగూడలో ఒక దుకాణం నిన్నటి పాలు వాడితే దెబ్బ నల్లగొండ దుకాణానికీ తగులుతుంది, ఎందుకంటే గిరాకీదారు చూసేది బోర్డునే.

మూడోది, పని నేర్చుకున్నవాడే పోటీదారుడు కావడం. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వ్యాపారం చేయకుండా అడ్డుకునే షరతులను చెల్లనివిగా చూస్తుంది. 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో ఒప్పందం నడుస్తున్న కాలంలో పోటీ పడొద్దన్న షరతు ఈ నిషేధం కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం ముగిశాక అలాంటి షరతును అమలు చేయించడం మాత్రం కష్టం. ఐదేళ్లయ్యాక అదే మడిగలో, వేరే పేరుతో, అదే రుచితో చాయ్ అమ్మితే బ్రాండ్ తన పేరును కాపాడుకోగలదు గానీ గిరాకిని కాదు. ఈ కేసు పేరు, సంవత్సరం కచ్చితంగా గుర్తుంటేనే రాయండి. తప్పు సంవత్సరం కంటే సెక్షన్ ఒక్కటి రాయడం మేలు.

ఒప్పందంలో చూడాల్సిన రెండు మాటలు

తీసుకునేవారి నష్టాల్లో ప్రాంతం హక్కును కలపండి. "నల్లగొండ టౌన్‌లో ఏకైక హక్కు" అని ఉంటే టౌన్ హద్దు ఎక్కడన్న తగాదా వస్తుంది. దుకాణం నుంచి ఇన్ని కిలోమీటర్లు అని అంకె ఉండాలి, ఆన్‌లైన్ ఆర్డర్లు ఎవరివో విడిగా రాసి ఉండాలి. రెండోది గడువు. ఒప్పందం ఐదేళ్లు ఉండి మడిగ కిరాయి పత్రం మూడేళ్లే ఉంటే, నాలుగో ఏడు ఇంటియజమాని కిరాయి పెంచినా ఖాళీ చేయమన్నా 12 లక్షల పని గోడలకే మిగిలిపోతుంది.

ముగింపు పేరా ఎలా కట్టాలి

"రెండు పక్షాలకూ లాభనష్టాలున్నాయి" అనే ముగింపుకు మార్కులు రావు. ఎప్పుడు మంచిదో, ఎప్పుడు కాదో అంకెతో చెప్పాలి. పై దుకాణంలో ప్రతి రూపాయి అమ్మకంలో ముడిసరుకు, బ్రాండ్ వాటా పోగా మిగిలేది సుమారు 45.6 పైసలు. స్థిర ఖర్చులు 1,10,000, పెట్టుబడి రికవరీ 27,870, యజమాని కూలి 20,000 కలిపితే 1,57,870. దాన్ని 0.4556తో భాగిస్తే నెలకు కావాల్సిన అమ్మకం సుమారు 3,46,500. ఒక్కో బిల్లు సగటున 40 రూపాయలైతే రోజుకు దాదాపు 290 బిల్లులు. బస్టాండ్, కాలేజీ దారిలో ఆ బిల్లులు పడతాయని ముందే లెక్కపెట్టి చూసుకున్నవారికి ఈ ఫ్రాంచైజీ తగినది. పడకపోతే ఆ మడిగలో సొంత పేరుతో తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడమే సరైనదని రాయండి. ఫ్రాంచైజర్ విషయంలో, తనిఖీకి మనిషిని పెట్టుకోగలిగినన్ని ఊళ్లకే ముందు వెళ్లాలని తీర్పు చెప్పండి.